లేని పన్నుకు అయిదేళ్ళ తాళం

జనవరి వస్తే నాకు మనుషుల మీద రోత పుడుతుంది. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కంపెనీలో జీతాల విభాగంలో పనిచేస్తాను. ఏప్రిల్‌లో ఉద్యోగులు పన్ను తగ్గించుకోవడానికి ఏమేం పొదుపు చేస్తామని రాసిచ్చారో, వాటికి రుజువులు జనవరిలో పంపాలి. అవి నా దగ్గరికి వస్తాయి. పన్నెండు నెలల అద్దె రసీదులు ఒకే పెన్నుతో, ఒకే పూట కూర్చుని రాసినవి ఉంటాయి. ఇంటి యజమాని సంతకం నెలకో రకంగా ఉంటుంది. ఆదివారం మా చర్చి సంఘంలో చేతులెత్తి పాడేవాళ్ళు ఇద్దరు కూడా ఆ రసీదులు పంపేవారు. నేను వెనక్కి కొడితే, "ఏంటి బ్రదర్, మనవాళ్ళమే కదా" అనేవారు. ఆ మాట విన్న రోజు మధ్యాహ్నం నాకు అన్నం సహించేది కాదు.

అయితే ఇక్కడ చెప్పబోయేది వాళ్ళ గురించి కాదు. నా మీద నాకు పుట్టిన రోత గురించి.

మా సంఘం హూడిలో ఒక హార్డ్‌వేర్ దుకాణం పై అంతస్తులో కూడుకుంటుంది. తెలుగువాళ్ళం ఎనభై మందిమి. నేను పుట్టిందే సంఘంలో. మా నాన్న హిందూపురంలో సంఘ పెద్ద. బైబిలు వాక్యం కంఠతా పట్టకపోతే రాత్రి కంచం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. ఇక్కడ నేను పిల్లలకు ఆదివారపు బడి చెబుతాను. లెక్కలు తెలిసినవాణ్ణని, నమ్మకస్తుణ్ణని నాకొక పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టమే ఇంత పనీ చేసింది.

సంఘంలో ఒక అక్క ఉంది. పాత బెంగళూరులో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం ఆమెది. హూడిలోనే ఒక ఆసుపత్రిలో వార్డు చూసుకునే ఉద్యోగం. ఈ సంగతి జరిగేనాటికి భర్త పోయి ఏడాది. ఆయన కంపెనీ నుంచి వచ్చిన డబ్బులో అయిదు లక్షలు పెట్టి, ఆసుపత్రికి నడిచి వెళ్ళే దూరంలో రెండు గదుల ఇల్లు లీజుకు తీసుకుంది. లీజంటే ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే. మొత్తం ఒకేసారి యజమానికి ఇచ్చేస్తే నెల అద్దె ఉండదు, గడువు అయ్యాక ఆ మొత్తం తిరిగి ఇస్తాడు. అది పోను ఆమె దగ్గర లక్షన్నర మిగిలింది. తను, బడికి వెళ్ళే కూతురు. ఇంకెవరూ లేరు.

ఆ ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఏమప్పా తమ్ముడా, మా ఆసుపత్రిలో అందరికీ ఒక మెయిల్ వచ్చుండాది. పన్ను పొదుపు కాగితాలు ఇయ్యకపోతే మార్చి జీతంలో కోసేస్తారంట. నా దగ్గర లక్షన్నర ఉండాది. యాడ పెట్టేది చెప్పు."

ఆ మెయిల్ సంగతి నాకు బాగా తెలుసు. అలాంటివి నేనే పంపుతాను. పన్ను పడేవాడికీ పడనివాడికీ ఒకటే మెయిల్ వెళ్తుంది. వేరుచేసి పంపే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆమెను కూర్చోబెట్టి, పాటల కాగితం వెనక రాసి చూపించాను. ఎనభై సి సెక్షన్ కింద లక్షన్నర దాకా పెట్టుకోవచ్చు. ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్ అయితే పదిహేనేళ్ళు, వడ్డీ మీద పన్ను లేదు. పోస్టాఫీసు జాతీయ పొదుపు పత్రం అయిదేళ్ళు, అవసరమైతే బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. పన్ను ఆదా చేసే మ్యూచువల్ ఫండు మూడేళ్ళు, అన్నిటికంటే తక్కువ గడువు అదే, కానీ డబ్బు షేర్లలో ఉంటుంది, పెరగొచ్చు, తరగొచ్చు. బ్యాంకు పన్ను ఆదా డిపాజిట్ అయిదేళ్ళు, వడ్డీ ఖాయం, వడ్డీని మాత్రం ఏటా ఆదాయంలో చూపించాలి.

ఇంతవరకూ తప్పేమీ లేదు. ఆమె ఆ కాగితం చూసి, "మూడేండ్లది తక్కువ కదప్పా, అదే చేద్దామా? సగం దాంట్లో, సగం బ్యాంకులో?" అంది.

"అది షేర్లక్కా," అన్నాను.

నా గొంతులో ఆ మాట ఎలా పలికిందో ఇప్పటికీ గుర్తుంది. సారా అన్నట్టు పలికాను.

దానికి కారణం ఇక్కడి మా సంఘ పెద్ద. పాస్టరుగారు నెలలో మూడో ఆదివారం వేరే ఊరి సంఘానికి వెళ్తారు. ఆ రోజు ఇక్కడ ఈ పెద్దే వాక్యం చెబుతారు. షేర్ల మీద ఆయనకు ప్రత్యేకమైన కోపం. సిలువ కింద కూర్చుని ప్రభువు వస్త్రం కోసం చీట్లు వేసిన సైనికులను తెచ్చి, ఫోనులో షేర్లు కొనే కుర్రాళ్ళ పక్కన నిలబెట్టేవారు. ఆ మాటలకు కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఉన్నారు. ఫోనులోంచి ఆ యాప్ తీసేసినవాళ్ళు ఉన్నారు.

ఆ పెద్ద మా కంపెనీలోనే పెద్ద ఉద్యోగి. నాకంటే ఆరేడు మెట్లు పైన. ప్రతి జనవరీ ఆయన పంపే రుజువు నా తెరమీదికి వస్తుంది. లక్షన్నర, పన్ను ఆదా మ్యూచువల్ ఫండు. మొదటిసారి చూసినప్పుడు పేరు కలిసిన ఇంకెవరో అనుకున్నాను. ఉద్యోగి నంబరు సరిచూశాను. ఆయనే. ఏటా ఆయనే.

నేను దాన్ని ఆమోదించి నోరు మూసుకున్నాను. ఒకరి జీతం కాగితం ఇంకొకరికి చెప్పడం నా ఉద్యోగ ధర్మం కాదు, అది నిజమే. కానీ ఆయన తన డబ్బు ఎక్కడ పెడుతున్నారో తెలిసి కూడా, ఆయన పాఠాన్నే తీసుకెళ్ళి ఒక విధవరాలి ముందు అప్పజెప్పాను. అలా చెయ్యమని ఏ ఉద్యోగ ధర్మమూ అడగలేదు. షేర్లలో పెట్టించానని సంఘంలో తెలిస్తే నా పేరేమవుతుందోనని అనుకున్నాను. అంతే. పైగా బైబిల్లో, యజమాని ఇచ్చిన తలాంతు డబ్బును నేలలో పాతిపెట్టిన దాసుడి కథ ఎత్తుకున్నాను. యజమాని అతన్ని, కనీసం సాహుకారుల దగ్గర ఉంచితే వడ్డీ అయినా వచ్చేదిగా అని కోప్పడ్డాడు కదక్కా, కాబట్టి బ్యాంకే వాక్యానుసారం అన్నాను. లేఖనం తెలిసినవాడికి ఏదైనా నిరూపించడం ఎంత తేలికో!

ఆమె నమ్మింది. మర్నాడే ఆసుపత్రి దగ్గరి బ్యాంకులో లక్షన్నర మొత్తం అయిదేళ్ళ పన్ను ఆదా డిపాజిట్‌లో వేసి, రసీదు ఫొటో నాకు పంపింది.

మూడేళ్ళు గడిచి, ఇంకో రెండు నెలలు అయింది. లీజు గడువు ముగిసింది. ఇంటి యజమాని ఏడు లక్షలు అడిగాడు. అంటే ఇంకో రెండు లక్షలు. లేదంటే నెలాఖరుకు అయిదు లక్షలు తీసుకుని ఖాళీ చెయ్యమన్నాడు. కూతురు పదో తరగతిలోకి వచ్చింది. ఆ చుట్టుపక్కల అయిదు లక్షలకు పక్షి గూడు కూడా రాదు. దూరం వెళ్తే బడి మారాలి, రాత్రి డ్యూటీలు వదులుకోవాలి, వాటికిచ్చే అదనపు డబ్బు పోతుంది. ఆమె దగ్గర చేతిలో యాభై వేలు ఉంది. డిపాజిట్ లక్షన్నర. కలిపితే సరిగ్గా సరిపోతుంది.

"నువ్వు చెప్పినావు కాబట్టి ఆ దుడ్డన్నా నిలిచిండాది తమ్ముడా. రా, బ్యాంకుకు పోయొద్దాం, అదేదో తీసేద్దాం," అంది ఫోనులో, సంతోషంగా.

అయిదేళ్ళ గడువని ఆమెకు తెలుసు. కానీ మామూలు డిపాజిట్ లాగే, కొంచెం వడ్డీ కోసుకుని ఇస్తారనుకుంది. ఆ కాగితం మీద నేను "అయిదేళ్ళు" అని రాశాను గానీ, మధ్యలో ఎట్టి పరిస్థితిలోనూ రాదని నోటితో చెప్పలేదు. ఇద్దరం వెళ్ళాం. ఫోనులో చెప్పే ధైర్యం లేక వెళ్ళాను.

బ్యాంకు అధికారిణి చిత్తూరు వైపు అమ్మాయి. రసీదు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది ట్యాక్స్ సేవర్ అండీ. ఇంకో రెండేళ్ళు ఆగాల."

"పెనాల్టీ కట్టుకో తల్లీ. వడ్డీ కూడా వద్దులే, అసలు ఇచ్చేయ్."

"పెనాల్టీ వేసి ఇవ్వడానికి కూడా రూలు లేదండీ. అయిదేళ్ళకు ముందు సిస్టమే తీసుకోదు."

"పోనీ, దీనిమీద అప్పు ఇయ్యండి. నగల మీద ఇస్తారు కదా."

"మామూలు ఎఫ్‌డీ మీద ఇస్తామండీ. దీని మీద లోను ఇవ్వకూడదు, ఎక్కడా తాకట్టు పెట్టకూడదు."

"అయితే ఎవురికీ, ఎప్పుడూ ఇయ్యరా?"

ఆ అమ్మాయి కొంచెం ఇబ్బందిగా, "డిపాజిట్ చేసినవాళ్ళు చనిపోతే నామినీకి ముందే ఇస్తామండీ," అంది.

అక్క నా వైపు తిరిగింది. "విన్నావా తమ్ముడా? నేను సచ్చిపోతే ఇల్లు నిలుస్తాది. బాగుండాది కదా మీ ప్లాను!"

అధికారిణి నవ్వు ఆపుకోలేక తల వంచుకుంది. అక్క కూడా నవ్వింది.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలని, "పోనీలే అక్కా, ఆ ఏడాది పన్ను అయినా మిగిలింది కదా," అన్నాను.

"ఎంత మిగిలిందప్పా?"

"జీతాన్ని బట్టి ఉంటుంది." అప్పుడడిగాను, మూడేళ్ళు ఆలస్యంగా. "అప్పట్లో మీ జీతం ఎంత?"

"ఇరవై ఎనిమిది వేలు. ఇప్పుడు ముప్పై మూడు."

అక్కడే లెక్క వేశాను. ఏడాదికి మూడు లక్షల ముప్పై ఆరు వేలు. పన్ను వేసే ఆదాయం అయిదు లక్షలు దాటకపోతే రిబేటు పోను కట్టాల్సిన పన్ను సున్నా. ఆమె ఏ కాగితమూ ఇవ్వకపోయినా మార్చిలో ఒక్క రూపాయి కోసేవారు కాదు. ఆ డిపాజిట్ వల్ల ఆమెకు పైసా పన్ను ఆదా కాలేదు. అదే లక్షన్నర, అదే బ్యాంకులో, పక్క కౌంటరులో మామూలు డిపాజిట్‌గా వేసి ఉంటే ఇంచుమించు అదే వడ్డీ వచ్చేది, ఆ రోజే విరిచి చేతిలో పెట్టేవారు. నెలనెలా మూడు వందల మంది జీతాలు చూసేవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న ఆమెను అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, మా సంఘంలో ఎవరి జీతమూ ఎవరూ అడగరు. అడిగితే, ఆమె దశమభాగం సరిగ్గా ఇస్తోందా లేదా అని లెక్క వేస్తున్నట్టు అవుతుంది. పదో వంతు దేవుడికీ ఆమెకూ మధ్య సంగతి. పిల్లలకు కూడా అలాగే నేర్పుతాం. మంచి నియమమే. కానీ ఆ రోజు మెట్ల దగ్గర నేను దాన్ని నియమంగా పాటించలేదు. జీతం అడిగితే చులకనవుతానని, లెక్కలు తెలిసినవాడు ఊరికే చూసి చెప్పేస్తాడన్న పేరు పోతుందని, ఆ నియమం వెనక దాక్కున్నాను. ఈ మాట మరీ కఠినంగా ఉందని మా ఆవిడ అంటుంది. నాకలా అనిపించదు.

ఆమెకు అక్కడే చెప్పాను. "అక్కా, మీకు అసలు పన్నే లేదు. ఆ డిపాజిట్ అవసరమే లేదు. నేను అడగకుండా చెప్పాను."

"లేని రోగానికి మందు ఇచ్చినావు. మా వార్డులో అట్లా చేస్తే నర్సును ఇంటికి పంపిస్తారు," అని ఆమె ఆసుపత్రి వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ వారం మూడో ఆదివారం. పెద్దాయన వాక్యం. ప్రార్థన మనవుల సమయంలో అక్క లేచి, ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తోందని, ప్రార్థన చెయ్యమని రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. నా పేరు ఎత్తలేదు. డిపాజిట్ సంగతి పెద్దాయనకు ఎలాగో తెలిసింది. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు.

"మా సహోదరి జూదపు సొమ్ము ముట్టకుండా, నమ్మకంగా బ్యాంకులో దాచుకుంది తండ్రీ. ఈ ఆలస్యం వెనక నీ ఉద్దేశం ఉంది. ఆమెకు ఓర్పు నేర్పుతున్నావు."

హాలంతా ఆమెన్ అంది. మూడు వారాల కింద ఆఫీసు క్యాంటీనులో అదే నోరు, దేవనహళ్ళి దగ్గర స్థలానికి అడ్వాన్సు కట్టానని, మూడేళ్ళు నిండిన ఫండ్లు కొన్ని అమ్మితే బాగా వచ్చిందని ఎవరితోనో చెబుతుంటే నేను పక్క బల్ల దగ్గర కూర్చుని ఇడ్లీ తింటున్నాను. అది జీతం కాగితం కాదు, బయట విన్న మాట. చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

లేచి నిలబడ్డాను. ఆయన గురించి చెప్పలేదు. అది చెబితే అందరూ ఆయన్ను చూస్తారు, నేను తప్పించుకుంటాను.

"ఇందులో దేవుడి ఉద్దేశం ఏమీ లేదు," అన్నాను. "అక్కకు ఆ సలహా ఇచ్చింది నేను. ఆమెకు పన్ను పడదు. నేను జీతం అడగలేదు. అడగకుండా అయిదేళ్ళు తాళం వేయించాను. అది నా తప్పు. నా తప్పును దేవుడి మీద పెట్టి ప్రార్థన చెయ్యొద్దు."

ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక ఎవరిదో చంటిపిల్ల కేకపెట్టింది. పెద్దాయన చిరునవ్వుతో, "సహోదరుడు తగ్గించుకుంటున్నాడు, దీవెన," అని పాట ఎత్తుకున్నారు. ఆ నవ్వు మీద నాకు కలిగిన ఏవగింపు ఇన్నాళ్ళకూ తగ్గలేదు. దాన్ని తీసెయ్యమని దేవుణ్ణి చాలాసార్లు మోకాళ్ళమీద అడిగాను.

ఆరాధన అయ్యాక బైకుల దగ్గర ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"బ్రదర్, ఆఫీసులో నా ప్రూఫులు అవీ... అవి కాన్ఫిడెన్షియల్ కదా?"

"అవునన్నా."

"అంటే, నువ్వు చూడవు కదా? సిస్టమే చూసుకుంటుంది?"

"నేనే చూస్తానన్నా. ప్రతి సంవత్సరం."

చెయ్యి తీసేశారు. కాసేపు హెల్మెట్ పట్టీతో ఆడుకున్నారు. "ఈ ఏప్రిల్ నుంచి నేను కొత్త పన్ను పద్ధతికి మారుతున్నాలే. దాంట్లో ఎనభై సీ లేదు కదా, ప్రూఫులు పెట్టే పనే ఉండదు."

"ఫండు కొనడానికి అడ్డం లేదన్నా. నాకు కనపడదు, అంతే," అన్నాను.

ఆయన హెల్మెట్ తగిలించుకున్నారు.

నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులుంది. నా దగ్గర విడి డబ్బు లేదు. ఉన్నదల్లా పీపీఎఫ్. మొదలుపెట్టి ఎనిమిదో ఏడు నడుస్తోంది. పదిహేనేళ్ళదని అందరూ భయపడతారు గానీ, ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకోవచ్చు. నాలుగేళ్ళ కిందటి నిల్వలో సగం దాకా ఇస్తారు. నాకు లక్షన్నరకు పైనే వచ్చేలా ఉంది. ఫారం నింపి ఇస్తే నాలుగు రోజుల్లో ఖాతాలో పడింది. పదిహేనేళ్ళ తాళం నాలుగు రోజుల్లో తెరుచుకుంది, అయిదేళ్ళది తెరుచుకోలేదు. ఈ తేడా నాకు ముందే తెలుసు, వృత్తిరీత్యా తెలుసు. ఆ పాటల కాగితం మీద ఒక వరుస ఎక్కువ రాసి ఉంటే సరిపోయేది.

లక్షన్నర తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె వంటగదిలోంచి తొంగి చూసి, కూర్చోమనకుండా, "ఏంటికి వచ్చినావు?" అంది. చెప్పాను.

"ఊరికే ఇస్తావా, అప్పుగానా?"

"మీ డిపాజిట్ వచ్చాక ఇవ్వండి. రెండేళ్ళు."

"నీకు ఆడ వడ్డీ ఎంత వస్తా ఉండె?"

"ఏడు పైన. పన్ను లేకుండా."

"అయితే అదే ఇస్తాను. కాగితం రాయి."

"వద్దక్కా. విశ్వాసుల దగ్గర వడ్డీ తీసుకోకూడదు. వాక్యంలో ఉంది."

ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"వాక్యం ఊరికే ఉండనీ. నువ్వు అప్పుడు వాక్యం చెప్తివి, నా దుడ్డు ఆడ తగులుకునె. ఇప్పుడు మళ్ళీ వాక్యం చెప్తావు, నేను నీకు రుణపడి ఉండల్ల. దుడ్డు సంగతి దుడ్డు మాదిరే మాట్లాడప్పా. ఏడు పైన ఎంతో సరిగ్గా చెప్పు."

చెప్పాను. ఆమె కూతురి నోటుబుక్కులోంచి కాగితం చించి ఇచ్చింది. నేను అసలు, వడ్డీ, గడువు రాశాను. ఆమె ప్రతి వరుసా వేలు పెట్టి చదివి, డిపాజిట్ వచ్చే తేదీని నాచేత రెండోసారి రాయించి, సంతకం చేసింది. నేనూ చేశాను. ఆ మధ్యాహ్నమే తన యాభై వేలు కలిపి, పై అంతస్తులో ఉండే యజమానికి రెండు లక్షలు ఇచ్చి కొత్త లీజు పత్రం తెచ్చుకుంది. ఇల్లు నిలిచింది.

వెళ్తానని లేచాను. తలుపు దాకా వచ్చి, "ఆదివారం నువ్వు లేచి చెప్పింది బాగుండాది," అంది. "కానీ నాకు పన్ను లేదనే ఆ మాట మూడేండ్ల కింద మెట్ల దగ్గర చెప్పాల్సింది."

నేను చెప్పులు వేసుకుంటూ తల ఊపాను. ఆమె తలుపు వేసుకుంది.